స్కూల్ లైసెన్స్ కింద విద్యార్థుల ఖాతాలు యాక్టివేట్ కాకపోవడం గురించి

గుంటూరు జిల్లా,
8 జులై 2025

స్కూల్ లైసెన్సుల సపోర్ట్ విభాగం వారికి,

విషయం: మా లైసెన్స్‌లోని 64 ఖాతాల్లో 39 ఇంకా Pending లోనే ఉండటం.

నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం మా పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని మీ లైసెన్స్ కొనిచ్చారు. జూన్ 12న బడి తెరిచిన రోజు నుంచే దాని గడువు లెక్కలోకి వచ్చింది. పిల్లల వివరాలన్నీ మీరిచ్చిన ఎక్సెల్ నమూనాలోనే నింపి అప్‌లోడ్ చేశాం. 25 మంది లాగిన్ అవుతున్నారు. మిగతావాళ్లు తల్లిదండ్రుల ఫోన్‌కి వచ్చిన కోడ్ కొడితే "Invalid activation code" అని వస్తోంది.

ఇంతకుముందు ఫిర్యాదు చేసినప్పుడు విద్యార్థుల మెయిల్‌లో స్పామ్ ఫోల్డర్ చూడమని మీ నుంచి జవాబు వచ్చింది. మా పిల్లలకు మెయిల్ ఐడీలే లేవు. మీ నమూనాలో ఆ కాలమ్ తప్పనిసరి కాదని ఉంటే ఖాళీగా వదిలేశాం. బ్రౌజర్ క్యాషే క్లియర్ చేయడం, వేరే కంప్యూటర్‌లో ప్రయత్నించడం కూడా అయిపోయాయి. దయచేసి మళ్లీ అవే సూచనలు పంపకండి.

అసలు తేడా ఎక్కడుందో చూద్దామని పనిచేస్తున్న ఖాతాలనూ పనిచేయని వాటినీ పక్కపక్కన పెట్టి చూశాను. నెలలో 13వ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలు 36 మంది ఉన్నారు. ఆ 36 మందిలో ఒక్కరి ఖాతా కూడా తెరుచుకోలేదు. పనిచేస్తున్న 25 మందీ 1 నుంచి 12 లోపు తేదీల్లో పుట్టినవాళ్లే. మీ నమూనాలో తేదీని DD-MM-YYYY పద్ధతిలో రాయమన్నారు, మేమూ అలాగే రాశాం. మీ సిస్టమ్ మాత్రం దాన్ని MM-DD-YYYY గా చదువుతోందని నా అనుమానం. 13వ నెల అంటూ ఉండదు కాబట్టి ఆ వరుసలు ఆగిపోతున్నట్టున్నాయి. అదే నిజమైతే తప్పు కోడ్‌ది కాదు, స్క్రీన్ మీద కనిపించే సందేశమే మమ్మల్ని దారి తప్పిస్తోంది.

ఈ లెక్కన యాక్టివేట్ అయిన ఖాతాలూ సరిగ్గా లేవు. ఆగస్టు 5న పుట్టిన అమ్మాయి ప్రొఫైల్‌లో మే 8 అని ఉంది. రేపు సర్టిఫికెట్ల మీద ఇదే తేదీ ముద్రిస్తారా? పదో తరగతి పిల్లల విషయంలో పుట్టిన తేదీ ఒక్క అంకె తేడా వచ్చినా ఎన్ని తిప్పలో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ 25 ఖాతాల్లో తేదీలు కూడా సరిచూడండి.

మిగిలిన ముగ్గురిది వేరే సమస్య. ముగ్గురికీ అక్కలు ఇదే జాబితాలో ఉన్నారు, ఇంట్లో ఉన్నది అమ్మ ఫోన్ ఒక్కటే. అక్క ఖాతా తయారయ్యాక అదే నంబర్‌తో చెల్లి ఖాతాను మీ సిస్టమ్ ఒప్పుకోవడం లేదనుకుంటున్నాను. ఇద్దరు పిల్లలకు రెండు ఫోన్లు ఉండే ఇళ్లు మా ఊళ్లో తక్కువ. పైగా కోడ్ 24 గంటలే పనిచేస్తుంది. కూలికి వెళ్లిన అమ్మ చీకటి పడ్డాక ఇంటికొస్తుంది, పిల్ల కోడ్‌ను నోట్‌బుక్‌లో రాసుకుని మర్నాడు కంప్యూటర్ ల్యాబ్‌కి వచ్చేసరికి గడువు తీరిపోతుంది. ఆ కోడ్‌లు స్కూల్ అడ్మిన్ ఖాతాలోనే కనిపించేలా చేస్తే మేమే ప్రింట్ తీసి ఇచ్చుకుంటాం.

జాబితా సరిచేసి మళ్లీ ఎక్కించడం మా చేతుల్లో లేదు. తేదీ మార్చే వీలు అడ్మిన్ ఖాతాలో లేదు. యాక్టివేట్ కాని వాటిని కూడా కలిపి సీట్లు 64 / 64 వాడేసినట్టు చూపిస్తోంది కాబట్టి కొత్తగా చేర్చనివ్వడం లేదు. ఆ 39 సీట్లు ఖాళీ చేసి తేదీలు మీరే సరిచేస్తారా, లేక ఫైల్ మమ్మల్ని మళ్లీ ఎక్కించమంటారా, ఏదో ఒకటి స్పష్టంగా చెప్పండి.

పిల్లల జాబితాను వాట్సాప్‌లో పెట్టమని మీ ప్రతినిధి ఒకరు ఫోన్‌లో అడిగారు. అది కుదరదని చెప్పాను. అందులో పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తల్లుల ఫోన్ నంబర్లు ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. ఫైల్ ఎలాగూ మీ సర్వర్‌లో ఉంది, అక్కడే చూసుకోవచ్చు.

ఈ నెల 15లోగా ఖాతాలన్నీ తెరుచుకునేలా చూడండి. అవి తెరుచుకున్న రోజు నుంచి లైసెన్స్ గడువును మొత్తం 64 మందికీ లెక్కించాలని కోరుతున్నాం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉన్నాయి, చందాలిచ్చినవాళ్లకు మేం లెక్క చెప్పుకోవాలి. గడువు పొడిగించినట్టు జవాబు రాతపూర్వకంగా హెచ్‌ఎం గారి పేరు మీద పంపండి. ఫోన్ చేయాలంటే సాయంత్రం నాలుగున్నర తర్వాత చేయండి, అప్పటిదాకా క్లాసులో ఉంటాను.

ఇట్లు,
స్కూల్ అసిస్టెంట్, గణితం
స్కూల్ లైసెన్స్ అడ్మిన్
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల

జత: Pending ఖాతాల స్క్రీన్‌షాట్లు, పేర్లు కనిపించకుండా చేసినవి.