ఇద్దరు మాస్టార్లు, ఒక ఆర్కిడ్: ఉత్తరాల సంపుటికి ముందుమాట

మా నాన్నగారు బరంపురంలో బోటనీ లెక్చరర్. మేం పెదనాన్న అని పిలిచే ఆయన బాల్యమిత్రుడు పర్లాకిమిడిలో అదే సబ్జెక్టు చెప్పేవారు. ఇద్దరికీ మహేంద్రగిరి పిచ్చి. నాన్నగారికి వచ్చిన ఉత్తరాలు, ఆయన రాసిన జవాబుల నకళ్లు, రిటైరయ్యాక పెదనాన్న నోటుపుస్తకాల్లో రాసుకున్న జ్ఞాపకాలు ఇందులో ఉన్నాయి.

బీహారు, ఒరిస్సా మొక్కల మీద హేన్స్ 1921–25లో గ్రంథం వేసేనాటికి గంజాం ఇంకా మద్రాసులోనే ఉంది. అందుకే 1936లో కొండ ఒడిశాలోకి వెళ్లినా, అక్కడి మొక్కకు పేరు తేల్చాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ మీద గాంబుల్ మొదలుపెట్టిన గ్రంథమే దిక్కు. 1957లో కలకత్తాలో మళ్లీ అచ్చయిన మూడు సంపుటాల సెట్టును ఇద్దరూ చెరి సగం వేసుకుని కొన్నారు. ఆర్కిడ్లున్న మూడో సంపుటం నౌపడ చిన్న రైల్లో అటూ ఇటూ తిరిగేది. సగం జగడాలు దాని కోసమే.

పెద్ద జగడం 1964 వానల్లో వచ్చింది. కొండ మీద గడ్డిలో పూసిన ఒక పచ్చటి ఆర్కిడ్‌ని నాన్నగారు హబెనేరియా అన్నారు, పెదనాన్న పెరిస్టైలస్ అన్నారు. పువ్వులో పుప్పొడిని అందుకునే కీలాగ్రాలు కాడల మీద ముందుకు పొడుచుకొస్తే మొదటిది, కాడ లేకుండా అతుక్కుని ఉంటే రెండోది. పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టిన పువ్వులో ఆ తేడా ఓ పట్టాన తెలియదు.

‘ఒరే, పువ్వుని నీళ్లలో ఉడకేసి చూడు’ అని పెదనాన్న. ‘ఉడకేశాను. నువ్వు కళ్లద్దాలు మార్పించుకో’ అని నాన్నగారు. అంతే, ఆ తర్వాతి ఉత్తరం ‘గౌరవనీయులైన లెక్చరర్ గారికి’ అని మొదలైంది. మళ్లీ వానలు పడేదాకా అదే వరస. పుస్తకం మాత్రం ఠంచనుగా వచ్చి వెళ్లేది, లోపల చీటీ ముక్కయినా లేకుండా.

జ్ఞాపకాల్లో పెదనాన్న దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు: ‘వారం తిరక్కుండానే ఒప్పుకున్నాడు, వాడికి పంతాల్లేవు.’ పంతాల్లేకపోవడమా! నాన్నగారు ఒప్పుకున్నది మరుసటి ఏడాది, ఇన్‌లాండ్ లెటర్ మీద: ‘తాజా పువ్వు దొరికింది. కాడ లేదు. మూడో సంపుటం పంపు.’ సారీ లేదు, కుశలప్రశ్న లేదు. కింద అడ్డంగా, ఇరికించి, ‘ఒరే, జ్వరం తగ్గిందా?’ అని మాత్రం ఉంది. జ్వరం సంగతి ఆయనకి ఎవరు చేరవేశారో ఏ ఉత్తరంలోనూ లేదు. మా అమ్మే అయ్యుంటుందని నా అనుమానం.

ఆ నోటుపుస్తకాలు నాన్నగారు పోయాక రాసినవి. గెలుపు చూపించుకోడానికి ఎదుటి మనిషి లేడు, అందుకే పెదనాన్న ఏడాది పంతాన్ని వారానికి కుదించేశారనుకుంటాను. తారీఖులకు ఉత్తరాలనే నమ్మాను. నోటుపుస్తకంలో మాత్రం అక్షరం మార్చలేదు, ఉత్తరానికి ఎదురు పేజీలో ఉన్నదున్నట్టు వేశాను.

ఇంటి విషయాలు కొన్ని తీసేశాం. పుస్తకం బాకీ గురించి ఎత్తిపొడుచుకున్నవి మాత్రం ఒక్కటీ తియ్యలేదు. అవి తీసేస్తే వీళ్లెవరో మర్యాదస్తుల్లా కనిపిస్తారు.