ఆఫర్ లెటర్ ప్రింట్ తీయించే ముందు ఒకసారి చదవండి

సోమవారం

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నాదో చిన్న నెట్ సెంటర్. జిరాక్సులు, హాల్ టికెట్లు, అప్లికేషన్లు, ఇదే పని. ఇంజనీరింగ్, డిగ్రీ రిజల్ట్స్ వచ్చాక రెండు మూడు నెలలు ఇక్కడికి వచ్చేది ఎక్కువగా కొత్తగా పాసైన పిల్లలే. రెజ్యూమె ప్రింటుకి వచ్చేవాళ్లు పదిమంది ఉంటే ఆఫర్ లెటర్ ప్రింటుకి వచ్చేవాడు ఒకడు ఉంటాడు, ఆ ఒక్కడి మొహం చూస్తే మనకీ సంతోషమే. కానీ ఈమధ్య ఆ లెటర్ చేతికి రాగానే నేను ముందు చూసేది కంపెనీ పేరు కాదు, కింద డబ్బు సంగతి ఏమైనా ఉందా అని.

పోయిన జూన్‌లో కళ్యాణదుర్గం వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఈసీఈ, పాసై ఏడాది అయింది. "అన్నా, కలర్‌లో రెండు కాపీలు, ఒకటి లామినేషన్ కూడా చేయి, మా నాయనకి చూపించాలి" అన్నాడు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్. అందరికీ తెలిసిన పెద్ద ఐటీ కంపెనీ లోగో, ఏడాదికి 6.5 లక్షల జీతం, బెంగళూరు పోస్టింగ్. స్క్రీన్ మీద పెద్దగా చేసి చూస్తే లోగో చుట్టూ తెల్లటి చతురస్రం కనిపిస్తోంది, ఎక్కడినుంచో కత్తిరించి అతికించినట్టు. సీల్ మసకగా ఉంది గానీ కింది సంతకం మాత్రం తళతళలాడుతోంది. జాయినింగ్ డేట్ 15 జూన్ 2025. క్యాలెండర్ తీసి చూపించాను, ఆదివారం. ఆదివారం పూట ఏ ఆఫీసు తెరిచి నిన్ను చేర్చుకుంటుంది అప్పా అంటే, "షిఫ్టులు ఉంటాయి కదన్నా" అన్నాడు. నమ్మాలని మనసులో గట్టిగా అనుకున్నాక ప్రతిదానికీ ఒక సమాధానం దొరుకుతుంది, వాణ్ణేం తప్పుపట్టలేం.

ఇంటర్వ్యూ ఎట్లా జరిగిందని అడిగితే ఫోన్‌లో ఏడు నిమిషాలు. ఎలక్ట్రానిక్స్‌లో ఒక్క ప్రశ్న లేదు. నీ గురించి చెప్పు, ఎప్పుడు పాసయ్యావు, మీ నాన్న ఏం చేస్తారు, ఎన్ని ఎకరాలు. ఆ చివరి రెండు ప్రశ్నలు ఎందుకో ఇప్పుడు ఆలోచించండి. వాడు చూసింది మనవాడి చదువు కాదు, ఇంట్లో ఎంత దాకా లాగొచ్చు అని.

అప్పటికే రెండుసార్లు కట్టేశాడు. మొదట రిజిస్ట్రేషన్ 1,850. తర్వాత లాప్‌టాప్ ఇన్సూరెన్స్ 6,500. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి 14,000, సాయంత్రం ఆరులోపు కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడికి పోతుందట. అన్నింటి పక్కనా ఒకే మాట: రిఫండబుల్, మొదటి జీతంతో వెనక్కి వస్తుంది. ముందే 22,350 అడిగి ఉంటే వీడు ఫోన్ పెట్టేసేవాడు. అందుకే మొదట బైక్‌లో పెట్రోల్ పోయించుకున్నంత మొత్తం అడుగుతారు. అది కట్టాక, పోయిన 1,850ని కాపాడుకోవడానికి 6,500, ఆ రెండింటినీ కాపాడుకోవడానికి 14,000. కట్టేది ఉద్యోగం కోసం కాదు, అంతకుముందు కట్టినదాని కోసం.

ఆ రోజు నేను క్యూఆర్ కోడ్ వాడి ఫోన్‌తోనే స్కాన్ చేయించాను. కంపెనీ పేరు రాలేదు. ఎవరో ఒక మనిషి పేరు వచ్చింది, లెటర్‌లో సంతకం పెట్టిన హెచ్ఆర్ పేరు అది కాదు. అప్పుడు మాత్రం అబ్బాయి కుర్చీలో కూలబడి, లామినేషన్ వద్దులే అన్నా అన్నాడు. అసలు సంగతి తర్వాత చెప్పాడు. వాళ్ల నాయన అప్పటికే ఊళ్లో రచ్చకట్ట మీద నలుగురికీ చెప్పేశాడంట, మావాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని. శెనక్కాయలు అమ్మిన డబ్బులోంచే ఆ రెండు కట్టింది. ఇప్పుడు ఇంటికి పోయి లేదని ఎట్లా చెప్పేది? మూడోసారి కూడా కట్టేద్దామనుకున్నది ఆశతో కాదు, ఆ సిగ్గుతో.

బుధవారం

సోమవారం రాసింది చదివి చాలామంది మెసేజ్‌లు ఫార్వర్డ్ చేశారు, ఇది నిజమా అన్నా, అది నిజమా అన్నా అని. దాదాపు అన్నీ ఒకే అచ్చు. "డియర్ క్యాండిడేట్, కంగ్రాచులేషన్స్, యువర్ రెజ్యూమె ఈజ్ షార్ట్‌లిస్టెడ్, లిమిటెడ్ సీట్స్, రిప్లై ఎస్." మీరు అప్లై చేయని ఉద్యోగానికి మిమ్మల్ని ఎవడు షార్ట్‌లిస్ట్ చేశాడో ముందు అడగండి. మన పేరు, మార్కులు వాళ్లకెట్లా తెలుసు అంటారు కొందరు, తెలుసు కాబట్టి నిజమే అనుకుంటారు. జాబ్ సైట్లలో రెజ్యూమె అందరికీ కనిపించేట్టు పెడతాం, అందులో ఫోన్ నంబర్, పుట్టిన తేదీ, ఇంటి అడ్రస్ అన్నీ ఉంటాయి. (మా లాంటి షాపుల తప్పూ ఉంది. సరిగా రాని జిరాక్సులు, ఆధార్ కాపీలు టేబుల్ కింద డబ్బాలో వేసి వెళ్తారు. నేను చించేస్తాను. అందరూ చించరు.)

మెయిల్ వస్తే @ తర్వాత ఏముందో చూడండి. gmail.com అని ఉంటే పెద్ద కంపెనీ హెచ్ఆర్ కాదు. అయితే ఇప్పుడు దొంగలు కూడా నేర్చుకున్నారు, కంపెనీ పేరు తర్వాత ఒక చిన్న గీత పెట్టి careers అనో jobs అనో తగిలించి సొంత డొమైన్ కొంటున్నారు, చూడ్డానికి అచ్చం అట్లాగే ఉంటుంది. కాబట్టి వాళ్లు పంపిన లింకు నొక్కొద్దు. కంపెనీ వెబ్‌సైట్ మీరే టైప్ చేసి తెరిచి, కెరీర్స్ పేజీలో ఉన్న మెయిల్‌కి ఆఫర్ లెటర్ పంపి, ఇది మీరిచ్చిందేనా అని అడగండి. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగానికి మేం డబ్బు తీసుకోం అని ఆ పేజీలోనే రాసిపెట్టి ఉంటాయి. mca.gov.in లో కంపెనీ పేరు దొరికింది కదా అని కొందరంటున్నారు. దొరుకుతుంది, దొంగ వాడుకునేదే నిజమైన కంపెనీ పేరు కదా. పేరు ఉందా అన్నది కాదు, ఆ పేరుగలవాళ్లే మీకు పంపారా అన్నది తేల్చుకోవాలి.

ధర్మవరం నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది, ఏడుపు గొంతు. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ, ఐదు రోజుల్లో 500 ఫారాలు. దాంతోపాటు పంపిన అగ్రిమెంట్ చదవకుండా ఫోన్ మీద వేలితో సంతకం పెట్టింది. అన్నీ పూర్తిచేశాక, తప్పులు ఎక్కువున్నాయి, బాండ్ తప్పావు, 6,800 కట్టు, లేకపోతే కోర్టు కేసు అని లాయర్ పేరుతో ఒక నోటీసు వాట్సాప్‌లో పంపారు. అశోక స్తంభం, గుండ్రటి సీలు, అన్నీ ఉన్నాయి. అట్టడుగున యూపీఐ నంబర్. అమ్మా, కోర్టు నోటీసులో యూపీఐ నంబర్ ఎందుకుంటుంది చెప్పు అన్నాను. ఒక్క క్షణం ఆగి నవ్వింది. ఈ రకానికి డబ్బు కంటే ముందు పోయేది నిద్ర. ఇంట్లో చెప్పుకోలేక రెండు వారాలు టెన్షన్‌తో అన్నం తినలేదట.

గుంతకల్లు వాళ్లు రైల్వే సంగతి అడిగారు. డివిజన్ మన దగ్గరే ఉంది కాబట్టి "లోపల మనవాళ్లు ఉన్నారు" అనేవాడికి ఇక్కడ గిరాకీ ఎక్కువ. 2022లో తమిళనాడు నుంచి 28 మందిని రైల్వే ఉద్యోగం, ట్రైనింగ్ అని చెప్పి ఢిల్లీ తీసుకెళ్లారు. న్యూఢిల్లీ స్టేషన్‌లో నెల రోజులు, రోజుకి ఎనిమిది గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చే పోయే రైళ్లు, బోగీలు లెక్కపెట్టడమే ట్రైనింగ్. అంతా నిజమే అనుకుని శ్రద్ధగా లెక్కపెట్టారు పాపం. అందరి దగ్గరా కలిపి 2 కోట్ల 67 లక్షలు లాగారని కేసు నడిచింది. రైల్వేలో చేరాలంటే ఆర్ఆర్‌బీ నోటిఫికేషన్, పరీక్ష, అంతే, ఏ ఆఫీసులో ఏ మామ ఉన్నా.

బెంగళూరు "బ్యాక్‌డోర్" గురించి కూడా రాయాలి, ఇది మనవాళ్లకి బాగా అలవాటైన జబ్బు. లక్షో రెండు లక్షలో ఇస్తే ట్రైనింగ్ ఇచ్చి లోపల కూర్చోబెడతామంటారు. మూడు నెలలు జీతం కూడా వేస్తారు, మన డబ్బే మనకి తిరిగిస్తూ. నాలుగో నెల ఆఫీసుకి తాళం. ఒక కన్సల్టెన్సీ వాడు నా షాపులో పాంప్లెట్లు పెట్టమని, ఒక్కో క్యాండిడేట్‌కి కమీషన్ ఇస్తానని కూడా అన్నాడు. టీ తాగించి పంపించాను.

ఇంకొకటి, డబ్బు అడగని రకం. "శాలరీ అకౌంట్ తెరుస్తాం, ఏటీఎం కార్డు, సిమ్ కొరియర్ చేయి" అంటారు, లేదా నీ అకౌంట్ వాడుకుని నెలకి ఇంత ఇస్తామంటారు. వేరేవాళ్ల దగ్గర కొట్టేసిన డబ్బు మీ అకౌంట్‌లోంచి తిరుగుతుంది. రేపు పోలీసులు వచ్చేది మీ ఇంటికే, పాస్‌బుక్ మీద ఉన్నది మీ పేరు కదా. థాయిలాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం అని తీసుకెళ్లి మయన్మార్ సరిహద్దు దాటించి, ఇవే మోసాలు మనవాళ్లచేతే చేయించిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. విదేశం అంటే ముందు emigrate.gov.in లో ఆ ఏజెంట్ రిజిస్టర్ అయ్యాడో లేదో చూడండి. టూరిస్ట్ వీసా మీద ఉద్యోగం అన్నాడంటే ఇంక వేరే చూడక్కర్లేదు.

శనివారం రాత్రి

ఇది ఇప్పటికే కట్టేసినవాళ్లకి. ముందు 1930కి ఫోన్ చేయండి, తర్వాత ఏడవచ్చు. కటువుగా ఉందా? కానీ గంటల లెక్కే ఇక్కడ. డబ్బు వాళ్ల అకౌంట్‌లో ఉన్నంతసేపే బ్యాంకు ఆపగలదు, అక్కడినుంచి నాలుగైదు అకౌంట్లు మారి ఏటీఎంలో డ్రా అయిపోతే ఇంక ఆపడానికేమీ మిగలదు. ఫోన్ చేసేముందు పేమెంట్ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి 12 అంకెల యూటీఆర్ నంబర్ రాసుకోండి, తేదీ, టైము, ఎంత మొత్తం, ఎవరి యూపీఐ ఐడీ. వాళ్లు అడిగేది ఇవే. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, స్క్రీన్‌షాట్లు అప్‌లోడ్ చేయాలి. మీ బ్యాంకుకీ చెప్పండి. కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు, వాణ్ణి బూతులు తిట్టొద్దు, తిడితే నంబర్ మార్చేస్తాడు. డబ్బు పోలేదు, మెసేజ్ మాత్రమే వచ్చిందా? అయితే sancharsaathi.gov.in లో చక్షు అని ఉంటుంది, ఆ నంబర్ అక్కడ రిపోర్ట్ చేయండి.

స్టేషన్‌కి పోతే మా పరిధి కాదు అంటారేమోనని కొందరు భయపడుతున్నారు. జీరో ఎఫ్ఐఆర్ అని ఉంది, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ఒక్కరే పోకుండా ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి, అంతే.

తర్వాత వారంలో ఇంకో ఫోన్ రావచ్చు, "మీ డబ్బు రికవరీ చేయిస్తాం, 2,000 ఫీజు" అని. వాడూ ఆ బ్యాచే. డబ్బు వెనక్కి వేస్తాం, పిన్ కొట్టండి అన్నా, స్క్రీన్ షేర్ యాప్ వేసుకోండి అన్నా అదే. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, రాబట్టుకోవడానికి కాదు.

కళ్యాణదుర్గం అబ్బాయి సంగతి చాలామంది అడిగారు. వాడు 14,000 కట్టలేదు. మొదటి రెండూ తిరిగి రాలేదు, అప్పటికే మూడు వారాలు దాటింది. నాయనకి ఫోన్‌లో నా ముందే చెప్పాడు. అవతలివైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "సరే, మధ్యాహ్నం తిన్యావా లేదా" అని మాత్రం అడిగాడట. ఇప్పుడు ఇక్కడే ఒక మొబైల్ షాపులో పనిచేస్తూ అప్లై చేస్తున్నాడు, నిన్న రెజ్యూమె పది కాపీలు తీయించుకుపోయాడు.

నా దగ్గరికి ఎవరైనా లెటర్ పట్టుకొచ్చి చూపించొచ్చు, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులోనే ఉంటాను. చూసినందుకు ఏమీ తీసుకోను. ప్రింటుకి మాత్రం రెండు రూపాయలు.