నాలుగో చల్ల మిరపకాయ

ఓయ్ ఓరుగల్లు పిల్లా,

ఇప్పుడే క్యారియర్ తెరిచా. పై గిన్నెలో అన్నం, కింద టమాటా పప్పు. అంతే, వేపుడు లేదు. శిక్ష పడింది, న్యాయమే అనుకుంటూ మూత పక్కన పెట్టబోతే మడతపెట్టిన పేపర్ ముక్క కనిపించింది. విప్పి చూస్తే మీ అమ్మగారు ఎండబెట్టి పంపిన చల్ల మిరపకాయలు! రోజూ రెండే పెడతావు, మూడోది అడిగితే కడుపులో మంట అంటావు. ఇవాళ నాలుగున్నాయి. లెక్క తప్పావా, కోపం తగ్గిందా? రెండోదే అనుకుని ధైర్యం చేసి రాస్తున్నా.

నిన్నటి సంగతి. తప్పు నాదే. నలభై నిమిషాలు ఆలస్యమవడం ఒక తప్పు, దాన్ని కప్పిపుచ్చడం ఇంకా పెద్ద తప్పు. నువ్వు అమీర్‌పేట్‌లో దిగి ఫోన్ చేసేసరికి నేనింకా సీట్లోంచి లేవలేదు. అయినా "పెద్దమ్మ గుడి దాటా, ఐదు నిమిషాలు" అన్నా. ఆ తల్లి పేరు చెప్పి మరీ అబద్ధమాడినవాణ్ణి నేనే అయ్యుంటా. వెనకాల కాఫీ మెషీన్ గుర్రుమంటుంటే నీకు వినపడదనుకున్నా చూడు, అదీ నా తెలివి. పైగా వచ్చి "నలభై నిమిషాలకే ఇంత రాద్ధాంతమా" అన్నా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ జనంలో, ఆ మెట్ల దగ్గర, బ్యాగు భుజాన వేసుకుని ఒక్కదానివే నిలబడ్డావు. సారీ రా.

నువ్వు తిట్టినా బాగుండేది. "సమజ్ గాదా నీకు?" అని ఒక్కసారి గట్టిగా అంటే అక్కడితో అయిపోయేది. నువ్వేమో "మీరు రండి, మీ ఇష్టం" అన్నావు. మీరు! పెళ్ళిచూపుల్లో కూడా అనలేదు కదే ఆ మాట. నీ నోట మర్యాద వినపడిందంటే నాకు చలిజ్వరం వస్తుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. నుమాయిష్‌లో మిర్చి బజ్జీలు నేను అడగలేదని రాత్రి అన్నావు. అడిగా. కళ్ళతో. నువ్వు నావైపు చూస్తేగా! ప్లేటు మొత్తం ఒక్కదానివే లాగించి, చివర్న ఉల్లిపాయ ముక్కలు మిగిల్చి నా చేతిలో పెట్టావు. అవే మహాప్రసాదంలా తిన్నా. ముక్కు ఎర్రబడి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ, కోపంగా నములుతున్నప్పుడు నువ్వెంత బాగున్నావో అప్పుడే చెబుదామనుకున్నా. రెండో ప్లేటు నా మొహాన పడుతుందేమోనని ఊరుకున్నా.

రాత్రి సంగతి కూడా చెప్పనీ. అటు తిరిగి పడుకున్నావు, మాట లేదు. కానీ కొత్తగా కొన్న ఆ ఆకుపచ్చ మట్టి గాజులు తీయడం మర్చిపోయావు. నువ్వు కదిలినప్పుడల్లా గల్లుమన్నాయి. పన్నెండున్నర దాకా మేలుకుని విన్నా. నాకెలాగూ నిద్ర పట్టలేదు, నీకూ పట్టలేదని అవి చెప్పేశాయి. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నావు. చాపితే ఏమంటావోనని భయపడ్డా. కోనసీమ వాళ్ళకి వెటకారమెక్కువ, ధైర్యం తక్కువ అని నువ్వన్నది నిజమే.

ఇవాళ ఆరుంపావుకి బయల్దేరతా. లైవ్ లొకేషన్ ఆన్ చేసే ఉంచుతా, ఎక్కడున్నానో నువ్వే చూసుకో. నుమాయిష్ ఫిబ్రవరి 15 దాకా ఉంటుందిగా, శనివారం మళ్ళీ వెళ్దాం. ఈసారి అమీర్‌పేట్‌లో నేను ముందొచ్చి నిలబడతా. నువ్వు కావాలనే నలభై నిమిషాలు ఆలస్యంగా రా, బాకీ తీరిపోతుంది. ఆ గాజులే వేసుకో. వెనక నుంచి వచ్చినా చప్పుడుని బట్టి పట్టేస్తా.

ఈ చలిలో మల్లెలు దొరకవు. వచ్చేటప్పుడు చేమంతులు తెస్తా, జడలో నేనే పెడతా. వంకరగా పెడతానని తెలుసు. సరిచేసే వంకతో ఇంకో పది నిమిషాలు నీ వెనకే నిలబడొచ్చని నాకూ తెలుసు.

పెద్ద జవాబేం వద్దు. "ఏంది" అని ఒక్క ముక్క పెట్టు చాలు, మధ్యాహ్నం పని సాగుతుంది. "మీరు" అని మాత్రం రాయకు తల్లీ.

అన్నట్టు, నాలుగో మిరపకాయ నీకోసం దాచి ఉంచా.

లేదు, తినేశా. ఇవాళ్టి నుంచి అబద్ధాలు లేవన్నమాట.