10,000 మంది అయ్యాం, ఈరోజు మోటారు విప్పడం లేదు

అందరికీ నమస్తే. బల్ల ఖాళీగా ఉందని చూడగానే కొందరు వీడియో మార్చేద్దామనుకుంటారేమో, కొంచెం ఆగండి, ఈరోజు రిపేరు లేదు గానీ మీతో నాలుగు మాటలు చెప్పాలి. కెమెరా కదులుతోందంటే తప్పు నాది కాదు, మా మేనల్లుడు పట్టుకున్నాడు, వాడు ఇంకా టిఫిన్ తినలేదు.

మొన్న రాత్రి షట్టర్ దించుతుంటే వాడు ఫోన్ చూపించాడు, యూట్యూబ్ స్టూడియో యాప్‌లో మన ఛానల్ సబ్‌స్క్రైబర్లు 9,998 అని ఉంది. సగం దించిన షట్టర్ కిందే ఇద్దరం నిలబడిపోయాం, ఇంకో ఇద్దరు వస్తే చూసి వెళ్దామని. పావుగంట తర్వాత 9,997 అయింది. ఎవరో గానీ సరిగ్గా ఆ టైమ్‌కే వెళ్లిపోయారు, వాళ్లకి కూడా దండం, ఇన్నాళ్లు చూశారు కదా. ఇంటికెళ్లి పడుకున్నాం. పొద్దున్న లేచేసరికి 10,014.

కొత్తగా వచ్చినవాళ్లకి చెప్తాను, మాది రాజాం. వైండింగ్ షాపు, పంపు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు. యూట్యూబ్ చేద్దామని చేసింది కాదు ఇది. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసేసి ఇంట్లో కూర్చుంటే సంతకవిటి వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు, "మోటారు గుయ్యిమంటోంది బాబూ, తిరగట్లేదు, ఏటి సేయమంటావు" అని. నేను వెళ్లలేను, ఆయన రాలేడు. ఫోన్‌లో చెప్తే ఆయనకి అర్థం కాలేదు. సరే అని ఇంటి దగ్గరున్న పాత మోటారు మీద కండెన్సర్ ఎక్కడుంటుందో, పాడైతే ఎలా తెలుస్తుందో చూపిస్తూ వీడియో తీశాను. వాట్సాప్‌లో వెళ్లలేదు, సైజు ఎక్కువైంది. మా మేనల్లుడు యూట్యూబ్‌లో పెట్టి లింక్ పంపాడు. అదే మొదటి వీడియో, నా మాట కంటే పక్కింటి కోడి గొంతే ఎక్కువ వినిపిస్తుంది అందులో. ఆ రైతు కొత్త కండెన్సర్ వేసుకున్నాడు, మోటారు తిరిగింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత జరిగిందంతా మీరు చేసిందే. ఊరికే మంచితనానికి చెప్తున్న మాట కాదు, ఒక సంగతి చెప్తే మీకే తెలుస్తుంది.

రెండో ఏడాదిలో ఒక వీడియో పెట్టాను. మెయిన్ ఆపేశాను, మూత తీశాను, వెంటనే కండెన్సర్ వైర్లు వేళ్లతో పట్టుకొని ఊడదీశాను. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని, నాకు భయం లేదు. ఆ రాత్రి పాతపట్నం నుంచి ఒక రిటైరైన మాస్టారు, ఐటీఐలో చెప్పేవారట, పెద్ద కామెంట్ రాశారు. కరెంటు ఆపినంత మాత్రాన కండెన్సర్ ఖాళీ అయిపోదు, దాంట్లో ఛార్జ్ ఉండిపోతుంది, హోల్డర్‌కి బల్బు పెట్టి ఆ రెండు వైర్లు టెర్మినళ్లకి ఆనించి ముందు దాన్ని దించాలి, నీకు తెలుసు కాబట్టి తప్పించుకున్నావు, నిన్ను చూసి ఇంకో ఇంట్లో పిల్లాడు చేయి పెడితే ఎవరిది బాధ్యత అని. నిజం చెప్పాలంటే మొదట కోపం వచ్చింది. నా షాపులో నాకే చెప్తారా అనుకున్నాను. రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు మా మేనల్లుడే షాపులో ఒక మోటారు విప్పుతూ అచ్చం నాలాగే వేళ్లు పెట్టబోయాడు. అరిచాను. ఆ సాయంత్రమే ఆ వీడియో తీసేసి మళ్లీ తీశాను, బల్బుతో సహా. మాస్టారూ, అప్పుడు "థాంక్యూ సార్" అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను, అది సరిపోదు. నా ఛానల్ వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదంటే అందులో సగం మీ పుణ్యమే.

ఇంకోటి. ఖరీఫ్‌లో నారుమళ్ల టైమ్‌కి కామెంట్లు ఎలా పడతాయో మీకు తెలుసు. రాత్రి పదకొండుకి ఎవరో అడుగుతారు, త్రీ ఫేజ్‌లో ఒక ఫేజ్ పోయినట్టుంది, మోటారు వేడెక్కిపోతోంది, ఆపాలా ఉంచాలా అని. నేను నిద్రపోతూ ఉంటాను. పొద్దున్న చూస్తే గాజువాకలో నైట్ డ్యూటీలో ఉన్న కుర్రాడొకడు అప్పటికే రాసేసి ఉంటాడు, వెంటనే ఆపెయ్యండి, లేకపోతే వైండింగ్ కాలిపోతుంది, మూడు ఫేజులూ వచ్చాకే వెయ్యండి అని. ఆ మోటారు కాలి ఉంటే నా షాపుకో వేరే షాపుకో రెండు మూడు వేల బేరం వచ్చేది, నవ్వకండి, మా ఇంటావిడ ఇదే అంటుంది, "ఊరందరికీ నేర్పేసి మనం ఏటి తింటాం" అని. కానీ బేరాలు తగ్గలేదు. ఇప్పుడు వచ్చేవాళ్లు ఏం పోయిందో వాళ్లే చెప్పి మరీ తెస్తున్నారు, నా పని సులువైంది.

గార వైపు ఒక అక్క ఉన్నారు, పేరు చెప్పొద్దన్నారు. వాళ్లాయన గుజరాత్‌లో వేరావల్ దగ్గర బోట్ల మీద పనికి వెళ్తారు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో ఉండరు. మిక్సీలో నిప్పురవ్వలు వస్తున్నాయని మన వీడియో చూసి కార్బన్ బ్రష్‌లు తనే మార్చుకున్నారు. తర్వాత పక్కింటి వాళ్లది, ఎదురింటి వాళ్లది. ఇప్పుడు ఆ వీధిలో మిక్సీ ఆగితే ఆవిడ దగ్గరికే వస్తున్నారట. పోయిన నెల ఒక ఫొటో పంపారు, ఒక ఫ్యాన్ విప్పి స్టూల్ మీద పెట్టి, "తమ్ముడూ, దీని వైండింగ్ ఎప్పుడు నేర్పుతావు" అని. నేర్పుతానక్కా, తీగ గేజ్ చూడడం దగ్గర్నుంచి మొదలుపెడదాం, ఆ వీడియోలు నాలుగైదు భాగాలు అవుతాయి.

నా యాస గురించి ఒకాయన రాశాడు, కొంచెం మంచి తెలుగు మాట్లాడొచ్చు కదా అని. నేను చూసేలోపే కింద నలభై జవాబులు. అందులో ఒకటి స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను, "మోటారుకి యాస తెలీదు బ్రదర్, తిరిగిందా లేదా చూడు". గొడవ అక్కడే ఆపేశారు, ఎవరూ తిట్టుకోలేదు, అది నాకు ఇంకా నచ్చింది. అయితే ఒక్క గొడవ మాత్రం ఆగడం లేదు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది కదా, అప్పట్నుంచి నన్ను మావాడని విజయనగరం వాళ్లు, కాదు మావాడని శ్రీకాకుళం వాళ్లు. ఇద్దరూ ఉంచుకోండి బాబూ, నాకేం ఇబ్బంది లేదు.

డబ్బుల గురించి అడిగారు. యాడ్స్ మీద కొంచెం వస్తోంది, మైక్ ఒకటి కొన్నాను, కోడి గొంతు తగ్గింది. అంతకంటే చెప్పుకునేంత లేదు. పలానా కంపెనీ తీగే కొనండి అని మాత్రం డబ్బు తీసుకొని చెప్పను, ఇద్దరు ముగ్గురు అడిగారు, వద్దన్నాను.

ఇకనుంచి ఒక పని చేస్తాను. నేను తప్పు చెప్తే ఎవరు దిద్దినా ఆ కామెంట్‌ని పైన పిన్ చేస్తాను, దాచను. మీరు కూడా మొహమాటం పెట్టుకోకండి, మాస్టారిలాగే కడిగెయ్యండి.

నిన్న బొబ్బిలి నుంచి ఒకాయన అడిగారు, త్రీ ఫేజ్ మోటారు రీవైండింగ్ చేయించి బిగిస్తే ఉల్టా తిరుగుతోంది, నీళ్లు సరిగ్గా రావట్లేదు అని. జవాబు రాయడం మర్చిపోయాను, ఇక్కడే చెప్పేస్తున్నా. వైండింగ్ పాడు కాలేదు, కంగారు పడకండి. మూడు ఫేజ్ వైర్లలో ఏవో రెండు అటూ ఇటూ మార్చండి, సరిగ్గా తిరుగుతుంది. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకొని, టెస్టర్‌తో చూసుకొని, ఆ తర్వాతే వైర్ల మీద చేయి వెయ్యండి. మాస్టారూ, విన్నారా, ఈసారి ముందే చెప్పాను.