పైడమ్మ, పైడితల్లమ్మ ఒక్కరేనని అఫిడవిట్

విశాఖపట్నం జిల్లా, భీమునిపట్నం నోటరీ వారి సమక్షంలో
పద్మనాభం మండల తహసీల్దారు వారికి దాఖలు చేయుటకు

విశాఖపట్నం జిల్లా, పద్మనాభం మండలం, రేవిడి గ్రామ కాపురస్తురాలిని, కీ.శే. గొర్లె సన్యాసినాయుడు భార్యను, 61 ఏళ్ల వయసు గల గొర్లె పైడితల్లమ్మ అనే నేను సత్యనిష్ఠతో ప్రమాణం చేసి, ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా:

1. నేను వ్యవసాయం చేసుకుని బతుకుతున్నాను. ఈ అఫిడవిట్‌లోని సంగతులు నాకు తెలుసు.

2. నేను విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారంలో పుట్టానని, అందుకే ఆ తల్లి పేరు పెట్టారని మా అమ్మ చెప్పేది. ఇంట్లోనూ ఊళ్లోనూ అందరూ నన్ను పైడమ్మ అనే పిలుస్తారు. ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో మాత్రం పైడితల్లమ్మ అని పూర్తి పేరు ఉంది.

3. 1998లో నా భర్త బతికుండగా రేవిడిలో 84 సెంట్ల మెట్ట భూమి నా పేరున కొన్నాము. దానికి దక్షిణం హద్దు గెడ్డ. దస్తావేజు రాసినప్పుడు పిలిచే పేరే చెప్పడం వల్ల అందులో గొర్లె పైడమ్మ అని పడింది. దస్తావేజును బట్టి వచ్చిన పట్టాదారు పాసు పుస్తకంలోనూ అదే పేరు ఉంది. దస్తావేజు మీద వేసిన ఎడమ బొటనవేలి ముద్ర నాదే. అన్ని కాగితాల్లోనూ భర్త పేరు, ఊరు ఒక్కటే. ఆనాటి నుంచి ఆ భూమిని నేనే సాగు చేసుకుంటున్నాను. ఈ ఏడాది కూడా నువ్వు వేశాను.

4. కాబట్టి గొర్లె పైడమ్మ అన్నా, గొర్లె పైడితల్లమ్మ అన్నా నేనొక్కదాన్నే, వేరు మనుషులం కాము అని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. భర్త పోయాక నాకు ఆధారం ఆ చెక్క ఒక్కటే. పేరు తేడా వల్ల అది చేజారకుండా, పాసు పుస్తకంలో పేరు ఆధార్ ప్రకారం సరిచేయవలసిందిగా కోరుతున్నాను.

5. ఆ భూమిని నేను ఎవరికీ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. దాని మీద కోర్టు తగాదా ఏదీ లేదు.

ధృవీకరణ

పై 1, 3, 4, 5 పేరాల్లోని సంగతులు నాకు స్వయంగా తెలిసినవి, నిజమైనవి. 2వ పేరాలో నా పుట్టుక, పేరు గురించినది మా అమ్మ చెప్పగా విని నమ్ముతున్నది. మిగతాది స్వయంగా తెలిసినదే. ఏదీ దాచలేదు. తెలిసి అబద్ధం చెబితే భారతీయ న్యాయ సంహిత, 2023 ప్రకారం శిక్షకు గురవుతానని నాకు చెప్పారు. 2025 జూన్ 16న భీమునిపట్నంలో ఎవరి బలవంతమూ లేకుండా వేలిముద్ర వేశాను.

గొర్లె పైడితల్లమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
ప్రమాణకర్త

ప్రమాణకర్తకు చదువు రాదు. అందుచేత పై పేరాలన్నీ తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాను. విని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని, ఆధార్ కార్డు చూపి, నా ఎదుటే ప్రమాణం చేసి వేలిముద్ర వేశారు. అదే రోజున నా సంతకం చేసి, నోటరీ ముద్ర వేసి, రిజిస్టరులో నమోదు చేశాను.

నోటరీ, భీమునిపట్నం