రిజర్వేషన్లు: సీట్ల లెక్క, వాదనల లెక్క

(నెల్లూరులో జరిగిన డిగ్రీ అధ్యాపకుల సదస్సుకు సమర్పించిన పత్రం)

రిజర్వేషన్లు ఉండాలా వద్దా అన్న వాదన మన ప్రాంతానికి పాతదే. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు కమ్యూనల్ జీవో ప్రకారం ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ముస్లింలకు 1, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1 చొప్పున పంచేవారు. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది రాజ్యాంగ మొదటి సవరణతో, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లకు వీలిచ్చే 15(4) అధికరణం వచ్చింది.

ఇప్పుడు రాష్ట్రంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం (ఏ 7, బీ 10, సీ 1, డీ 7, ఈ 4), ఇతర రిజర్వేషన్లు లేని పేదల కోటా అయిన ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం. 20 సీట్ల కోర్సులో ఇది దాదాపు ఎస్సీ 3, ఎస్టీ 1, బీసీ 6, ఈడబ్ల్యూఎస్ 2, ఓపెన్ 8 అవుతుంది. ఓపెన్ అంటే ఓసీల వాటా అనుకోవడం దగ్గరే సగం గొడవ మొదలవుతుంది. తొలి 8 సీట్లు కులం చూడకుండా ర్యాంకు వరసన నింపాలి. ఆ ఎనిమిదిలో ఇద్దరు బీసీలుంటే వాళ్లను బీసీ ఆరింటిలో లెక్కేయకూడదు. చివరికి బీసీలు 8 మంది కనబడితే కోటా దాటినట్టు కాదు, ఇద్దరు ర్యాంకుతో గెలిచినట్టు.

వ్యతిరేకించేవారి మొదటి మాట ప్రతిభ. ఎక్కువ మార్కులొచ్చిన విద్యార్థి బయట ఉండిపోవడం ఆ ఒక్కరికి నిజమైన నష్టమే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అనుకూలుర జవాబు: మార్కులు ఇంటి చదువునీ కోచింగ్ ఫీజునీ కూడా కొలుస్తాయి. రైల్వేలో 1980 నుంచి 2002 దాకా లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్‌లకు రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిన ఆధారం దొరకలేదు. ఒక సంస్థ లెక్కను శస్త్రచికిత్సకో పరిశోధనకో అలాగే అతికించలేమన్న అభ్యంతరం కూడా సబబే.

రెండో అభ్యంతరం బలమైనది: లాభం కొన్ని ఇళ్లలోనే తిరుగుతోందని. ఇంద్రా సాహ్నీ తీర్పు (1992) 50 శాతం పరిమితితోపాటు బీసీల్లో బాగా స్థిరపడిన ఇళ్లను కోటా నుంచి తప్పించే క్రీమీలేయర్‌ను తెచ్చింది. ఆదాయ హద్దు 2017 నుంచి ఏటా 8 లక్షలు. అయితే కేంద్ర నిబంధనల్లో ఈ ఆదాయ పరీక్షకు జీతం, వ్యవసాయాదాయం కలపరు. ఈడబ్ల్యూఎస్‌కు అన్నీ కలుపుతారు. కోవూరు ఆయకట్టులో ఏటా 9 లక్షలు వరి మీదే వచ్చే రెండిళ్లు పక్కపక్కనే ఉన్నాయనుకుందాం. బీసీ ఇల్లు ఆదాయ పరీక్షలో నెగ్గుతుంది, ఓసీ ఇంటికి ఈడబ్ల్యూఎస్ రాదు. విమర్శకులు చూపే అసమానత ఇదే. వెనుకబాటు సామాజికం, డబ్బుతో పోదు అని సమర్థకులంటారు. అలాగైతే ఆదాయ హద్దు పెట్టడమెందుకన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర సరైన జవాబు లేదనే అనిపిస్తుంది. అటు ఈడబ్ల్యూఎస్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలను వదిలేయడాన్ని 2022లో సుప్రీంకోర్టు 3–2తో సమర్థించినా, ఇద్దరు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు.

ఉద్యోగాల్లో మాత్రం తగాదా సూత్రం కంటే ఏ పోస్టు ఏ వర్గానిదో వరసగా చూపే రోస్టర్ పట్టిక దగ్గర ఎక్కువ. రోస్టర్‌లో ఎస్టీ తొలి వంతు 8వ పాయింటు. ఒక చిన్న శాఖ ఈసారి 6 పోస్టులు నింపితే, తర్వాతి నోటిఫికేషన్ 7 నుంచి సాగాలి. రిజిస్టరు సరిగా రాయక మళ్లీ 1 నుంచి మొదలుపెడితే ఎస్టీ వంతు ఎప్పటికీ రాదు. చట్టం మారలేదు, ఒక పుస్తకం తప్పింది, అంతే. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పెరిగేకొద్దీ రోస్టర్‌కు ఎక్కే పోస్టులే తగ్గుతాయి.

మన జిల్లాల్లో అసలు చిక్కు ఎస్టీల దగ్గరే. నెల్లూరు యానాదులు, ప్రకాశం నల్లమల చెంచులు మిగతా గిరిజన తెగలతో కలిసి ఒకే 6 శాతంలో ఉన్నారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్లకు ఇంటర్ తర్వాతి కోటా అక్కరకు రాదు. కోటా సీటు తలుపు దగ్గర మొదలవుతుంది, అక్కడిదాకా నడిపించేది హాస్టలూ బడీ. అందుకే రిజర్వేషన్ ఒక్కటే చాలదన్న మాటను ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి, కారణాలు వేరైనా.

ఎస్సీల్లో వర్గీకరణకు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు 6–1తో దారి తెరిచింది. 2025లో రాష్ట్రం 15 శాతాన్ని మూడు ఉపవర్గాలకు 1, 6.5, 7.5గా విడదీసింది. ఒక శాతమంటే 200 పోస్టుల్లో రెండు. చిన్న నోటిఫికేషన్లలో సున్నా. ఎస్టీల్లోనూ ఇలాగే చేయాలన్న వాదనలో న్యాయముంది. కానీ పైన చెప్పిన 20 సీట్ల కోర్సులో ఎస్టీ సీటు ఒక్కటే. దాన్ని ఏ ఏడాది ఎవరికివ్వాలో, వరస ఎలా నడపాలో వర్గీకరణ కోరేవారే ముందు రాసి చూపాలి.