రక్తహీనతలు: పాథాలజీ క్లాసు మొత్తం నాలుగు పట్టికల్లో

మన తెలుగు బ్యాచ్‌కి: సార్ చెప్పిన ఎనీమియా క్లాసులు, వాటి తర్వాత జరిగిన స్లైడ్ ప్రాక్టికల్ కలిపి ఇక్కడ కుదించాను. క్లాసుకి రానివాళ్లకి ఇది సరిపోదు. విని, రాసుకుని, ఇప్పుడు వైవాకి ముందు టెన్షన్‌లో తిరగేసేవాళ్ల కోసం ఇది.

జబ్బుల్ని ఎంసీవీ వరుసలో పెట్టాను. వైవాలో మన చేతికిచ్చేది జబ్బు పేరు కాదు, రిపోర్టు. గుర్తుల గడిలో అలసట, ఆయాసం, పాలిపోవడం, గుండెదడ ఎక్కడా కనపడవు. అవి అన్ని రక్తహీనతల్లోనూ ఉంటాయి, కాబట్టి దేన్నీ పట్టివ్వవు. పక్క గడిలోని జబ్బు నుంచి దీన్ని విడదీసేది ఏదో అదే రాశాను.

ముందు అంకెలు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కన హిమోగ్లోబిన్ మగవాళ్లకి 13, ఆడవాళ్లకి 12, గర్భిణులకి 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. ఎంసీవీ 80 లోపుంటే మైక్రోసైటిక్, 100 దాటితే మాక్రోసైటిక్. ఆ వెంటనే చూడాల్సింది రెటిక్యులోసైట్ కౌంట్. హిమటోక్రిట్‌తో సవరించాక కూడా అది పెరిగే ఉంటే మ్యారో బాగానే ఉంది, రక్తం బయటికి పోతోంది లేదా లోపలే చితికిపోతోంది. పెరగకపోతే తయారీలోనే లోపం.

1. ఎంసీవీ తక్కువ

| జబ్బు | కారణం | గుర్తులు | చికిత్స |
|---|---|---|---|
| ఐరన్ లోపం | నెలసరిలో అధిక రక్తస్రావం, గర్భం, కొంకిపురుగులు, పేగుల్లో రక్తస్రావం, తిండిలో లోపం | పెన్సిల్ సెల్స్, ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువ, ఫెరిటిన్ తక్కువ, టీఐబీసీ ఎక్కువ, గోళ్లు గుంటపడటం, మట్టి, బలపాలు, పచ్చిబియ్యం తినాలనిపించడం | ఐరన్ మాత్రలు, పడకపోతే, ఒంటబట్టకపోతే సెలైన్‌లో ఐరన్, మూలకారణానికి వైద్యం |
| బీటా తలసీమియా మైనర్ | 11వ క్రోమోజోమ్ మీది బీటా జీన్‌లో మ్యుటేషన్, ఒక్క కాపీలో | ఆర్‌బీసీ కౌంట్ ఎక్కువ, టార్గెట్ సెల్స్, ఫెరిటిన్ నార్మల్, హెచ్‌బీఏ2 3.5 శాతం పైన | మందు అక్కర్లేదు; పెళ్లికి ముందు ఇద్దరికీ పరీక్ష, కౌన్సెలింగ్ |
| బీటా తలసీమియా మేజర్ | రెండు కాపీల్లోనూ మ్యుటేషన్ | 6-9 నెలల వయసులో బయటపడుతుంది; ప్లీహం, కాలేయం వాపు; దవడ ఎముకలు పొంగడం; ఎక్స్‌రేలో పుర్రె మీద నిక్కబొడిచిన జుట్టు; హెచ్‌బీఎఫ్ ఎక్కువ | రక్తమార్పిడి, దానితోపాటు ఐరన్ దించే మందులు (డెఫెరాసిరాక్స్, డెస్‌ఫెరియాక్సమిన్); మ్యారో మార్పిడి |
| దీర్ఘవ్యాధి రక్తహీనత | టీబీ, రుమటాయిడ్ ఆర్థరైటిస్, క్యాన్సర్ | ఫెరిటిన్ నార్మల్ లేదా ఎక్కువ, టీఐబీసీ తక్కువ. చాలాసార్లు ఎంసీవీ నార్మలే | అసలు జబ్బుకి వైద్యం. కొందరికి ఎరిత్రోపొయిటిన్ |
| సిడెరోబ్లాస్టిక్ | పుట్టుకతో ఏఎల్‌ఏఎస్2 లోపం, మద్యం, సీసం, ఐసోనియజిడ్ | పెర్ల్స్ స్టెయిన్‌లో రింగ్ సిడెరోబ్లాస్టులు, ఫెరిటిన్ ఎక్కువ | కారణం తొలగించడం, బీ6 |

ఈ పట్టికలో మొదటి రెండు గడులే పరీక్ష. సార్ బోర్డు మీద రాసిన రెండు రిపోర్టులు గుర్తున్నాయా? రెండింటిలోనూ ఎంసీవీ 64. మొదటిది సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఆవిడది: హిమోగ్లోబిన్ 6.6, ఆర్‌బీసీ 34 లక్షలు. రెండోది ఉద్యోగంలో చేరేముందు చెకప్‌కి వచ్చిన కుర్రాడిది: హిమోగ్లోబిన్ 11.2, ఆర్‌బీసీ 56 లక్షలు. మెంట్జర్ ఇండెక్స్ అంటే ఎంసీవీని ఆర్‌బీసీతో (పది లక్షల్లో) భాగించడమే.

```
64 / 3.4 = 18.8
64 / 5.6 = 11.4
```

13 దాటితే ఐరన్ లోపం వైపు, 13 లోపుంటే తలసీమియా మైనర్ వైపు. ఐరన్ లేనప్పుడు మ్యారో కణాల్ని చిన్నగానూ చేస్తుంది, తక్కువగానూ చేస్తుంది. తలసీమియాలో చిన్నగా చేస్తుంది కానీ లెక్క తగ్గనివ్వదు. ఇది దారి చూపించే లెక్క మాత్రమే, తేల్చి చెప్పాల్సింది హెచ్‌బీఏ2. అక్కడా ఒక మెలిక ఉంది: ఐరన్ లోపం కూడా కలిసి ఉంటే హెచ్‌బీఏ2 దిగిపోయి నార్మల్‌గా కనిపించొచ్చు. అందుకే ముందు ఐరన్ సరిచేసి తర్వాత మళ్లీ చూడాలి. ఆల్ఫా తలసీమియా ట్రెయిట్‌లో హెచ్‌బీఏ2 పెరగనే పెరగదు. అది 16వ క్రోమోజోమ్, అక్కడ ఎక్కువగా కనపడేది డిలీషన్.

ఐరన్ మొదలుపెట్టిన వారం, పది రోజుల్లో రెటిక్యులోసైట్లు పెరుగుతాయి. హిమోగ్లోబిన్ మూడు నాలుగు వారాల్లో రెండు గ్రాముల దాకా లేస్తుంది. అది నార్మల్‌కి వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు మాత్రలు ఆపకూడదు. మన దగ్గర గర్భిణులకిచ్చే ఐఎఫ్‌ఏ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటబట్టదు, నిమ్మరసంతో అయితే మేలు. విరేచనం నల్లగా వస్తుందని ముందే చెప్పకపోతే పేషెంటు భయపడి మానేస్తారు. ఇది సార్ పరీక్ష కోసం కాదు, వార్డు కోసం చెప్పారు.

పెద్ద వయసు మగమనిషికి ఐరన్ లోపం వస్తే తిండి మీదకి నెట్టేయకూడదు. పెద్దపేగు క్యాన్సర్ లేదని తేలేదాకా వెతకాలి.

దీర్ఘవ్యాధిలో ఫెరిటిన్ ఎందుకు తగ్గదంటే: ఇంట్లో బియ్యం నిండుగా ఉండి, కొట్టుగదికి తాళం వేసినట్టు. ఐఎల్-6 వల్ల కాలేయం హెప్సిడిన్ ఎక్కువ వదులుతుంది. అది ఫెర్రోపోర్టిన్‌ని మూసేస్తుంది, మాక్రోఫేజ్‌లో ఉన్న ఐరన్ బయటికి రాదు. ఈ ఒక్క మాట చెప్పగలిగితే ఫెరిటిన్, టీఐబీసీ బట్టీ పట్టక్కర్లేదు.

2. ఎంసీవీ ఎక్కువ

| జబ్బు | కారణం | గుర్తులు | చికిత్స |
|---|---|---|---|
| బీ12 లోపం | పెర్నీషియస్ ఎనీమియా, జీర్ణాశయం తీసేయడం, ఇలియం జబ్బు, పూర్తి శాకాహారం, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ | హైపర్‌సెగ్మెంటెడ్ న్యూట్రోఫిల్స్, మాక్రో ఓవలోసైట్లు. కాళ్ల తిమ్మిరి, నడకలో తూలు. ఎంఎంఏ, హోమోసిస్టీన్ రెండూ ఎక్కువ | బీ12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు, మొదట తరచుగా, తర్వాత నెలకోసారి |
| ఫోలేట్ లోపం | గర్భం, మద్యం, మెథోట్రెక్సేట్, ఫెనిటాయిన్, తిండిలో లోపం | స్మియర్ అచ్చం అదే. నరాల లక్షణాలు లేవు. హోమోసిస్టీన్ ఎక్కువ, ఎంఎంఏ నార్మల్ | ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 చూశాకే |
| మెగలోబ్లాస్టిక్ కానివి | మద్యం, కాలేయ జబ్బు, హైపోథైరాయిడ్ | కణాలు గుండ్రంగానే పెద్దవి; న్యూట్రోఫిల్ లోబులు నార్మల్ | కారణానికి |

మైక్రోస్కోప్ కింద లెక్క: న్యూట్రోఫిల్స్‌లో ఐదు శాతం కంటే ఎక్కువ వాటికి ఐదు లోబులున్నా, ఒక్కదానికి ఆరున్నా హైపర్‌సెగ్మెంటెడే. చివరి బెంచి దగ్గరున్న స్లైడ్‌లో, తోకకి కొంచెం లోపల అది స్పష్టంగా దొరుకుతుంది.

బీ12 లోపమున్న మనిషికి ఫోలేట్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడుతుంది, వెన్నుపాము పాడవుతూనే ఉంటుంది. డోర్సల్ కాలమ్‌లు, లాటరల్ కార్టికోస్పైనల్ దారులు రెండూ దెబ్బతింటాయి కాబట్టి దాని పేరు సబ్‌అక్యూట్ కంబైన్డ్ డీజనరేషన్. షిల్లింగ్ టెస్టు ఇప్పుడు ఎవరూ చేయరు, వైవాలో మాత్రం ఇంకా బతికే ఉంది.

ఫోలేట్ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గర్భిణుల్లో ఈ రక్తహీనతని లూసీ విల్స్ బొంబాయిలో అధ్యయనం చేసి, ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపించింది. ఆ తర్వాత అమెరికాలో లెడర్లే కంపెనీలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. ఆయన చదివింది ఈ ఊళ్లోనే, మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఫోలేట్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. అంటే ఆ వరుసలో కారణం గడిలో ఉన్న మందు, చికిత్స గడిలో ఉన్న మందు రెండూ ఒకే ల్యాబ్‌వి. ఇది పరీక్షలో రాదు. వరుస మాత్రం ఇక మర్చిపోరు.

3. రెటిక్ ఎక్కువ: కణాలు చితికిపోయేవి

అన్నింటికీ ఉమ్మడి: ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ ఎక్కువ, హాప్టోగ్లోబిన్ తక్కువ. పట్టికలో మళ్లీ రాయలేదు.

| జబ్బు | కారణం | గుర్తులు | చికిత్స |
|---|---|---|---|
| హెరిడిటరీ స్ఫెరోసైటోసిస్ | అంకైరిన్, స్పెక్ట్రిన్, బ్యాండ్ 3 లోపం | ఎంసీహెచ్‌సీ ఎక్కువ, ప్లీహం వాపు, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు, కూంబ్స్ నెగటివ్ | ఫోలిక్ యాసిడ్, తీవ్రమైతే ఆరేళ్లు నిండాక, టీకాలు వేశాక ప్లీహం తీయడం |
| సికిల్ సెల్ | బీటా గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ | ఎముకల్లో భరించలేని నొప్పి, చేతులు పాదాల వాపు, ప్లీహం కుంచించుకుపోవడం, సాల్మొనెల్లా ఆస్టియోమైలైటిస్ | హైడ్రాక్సీయూరియా, టీకాలు, పెన్సిలిన్. నొప్పికి నీరు, నొప్పిమందులు |
| జీ6పీడీ లోపం | ఎక్స్ లింక్డ్. ప్రైమాక్విన్, డాప్సోన్, ఇన్ఫెక్షన్, కలరా ఉండలు | మందు మొదలైన 2-3 రోజులకి మూత్రం ముదురు రంగు. హైంజ్ బాడీలు, బైట్ సెల్స్ | ఆ మందు ఆపడం |
| వెచ్చని ఏఐహెచ్‌ఏ | ఐజీజీ. ఎస్‌ఎల్‌ఈ, సీఎల్‌ఎల్, మిథైల్‌డోపా | స్ఫెరోసైట్లు, కూంబ్స్ పాజిటివ్ | స్టెరాయిడ్లు, తర్వాత రిటుక్సిమాబ్ |
| చల్లని ఏఐహెచ్‌ఏ | ఐజీఎం. మైకోప్లాస్మా, ఈబీవీ | స్మియర్‌లో కణాల గుంపులు, చలికి వేళ్లు నీలబడటం | చలి తగలనివ్వకపోవడం. స్టెరాయిడ్లు అంతగా పనిచేయవు |
| పీఎన్‌హెచ్ | పీఐజీఏ మ్యుటేషన్. సీడీ55, సీడీ59 ఉండవు | పొద్దున మూత్రం ఎర్రగా. సిరల్లో, ముఖ్యంగా కాలేయ సిరలో గడ్డలు | ఎక్యులిజుమాబ్ |
| టీటీపీ | ఏడీఏఎంటీఎస్13 లోపం | షిస్టోసైట్లు, ప్లేట్‌లెట్లు తక్కువ, మతి చలించడం | ప్లాస్మా ఎక్స్ఛేంజ్, స్టెరాయిడ్లు |

స్ఫెరోసైట్లు మొదటి వరుసలోనూ ఉంటాయి, వెచ్చని ఏఐహెచ్‌ఏలోనూ ఉంటాయి. విడదీసేది కూంబ్స్. సార్ ఈ ప్రశ్న అడగకుండా ఎవర్నీ వదలరని సీనియర్లు చెబుతున్నారు.

జీ6పీడీలో దాడి జరుగుతున్నప్పుడు ఎంజైమ్ పరీక్ష చేస్తే నార్మల్ రావచ్చు. ఎంజైమ్ లేని పాత కణాలు అప్పటికే పోయాయి, మిగిలినవి కొత్తవి. కొన్ని వారాలాగి మళ్లీ చేయాలి. టీటీపీలో ప్లేట్‌లెట్లు తగ్గాయి కదా అని ఎక్కించకూడదు, ప్రాణం మీదకి వస్తే తప్ప.

సికిల్ సెల్ ఆఫ్రికా జబ్బు అని రాస్తే మార్కులు పోతాయి. 1952లోనే నీలగిరి గిరిజనుల్లో దీన్ని గుర్తించారు. మన వైపు ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఉంది. దీని నిర్మూలనకి కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది 2023లో.

4. మ్యారోయే ఖాళీ, లేదా ఆజ్ఞ రాదు

| జబ్బు | కారణం | గుర్తులు | చికిత్స |
|---|---|---|---|
| అప్లాస్టిక్ | చాలాసార్లు కారణం తెలియదు; బెంజీన్, క్లోరాంఫెనికాల్, రేడియేషన్, హెపటైటిస్, ఫాంకోని | మూడు రకాల కణాలూ తక్కువ; ప్లీహం వాపు ఉండదు; బయాప్సీలో కొవ్వు | చిన్నవాళ్లకి సరిపడే దాత ఉంటే మ్యారో మార్పిడి; లేకపోతే ఏటీజీ, సైక్లోస్పోరిన్ |
| కిడ్నీ జబ్బు | ఎరిత్రోపొయిటిన్ తక్కువ | ఎంసీవీ నార్మల్, బర్ సెల్స్ | ఎరిత్రోపొయిటిన్, ఐరన్ |

మూడు రకాల కణాలూ తగ్గి ప్లీహం చేతికి తగిలితే అప్లాస్టిక్ అనే మాట ఎత్తొద్దు, వేరేది వెతకండి. స్ఫెరోసైటోసిస్, సికిల్ పిల్లల్లో రెటిక్ ఒక్కసారిగా పడిపోతే అది పార్వోవైరస్ బీ19. దాన్ని ఈ పట్టికలో కలపకండి, కొన్ని రోజుల్లో మ్యారో తేరుకుంటుంది.

మైలోఫైబ్రోసిస్ వచ్చే వారం లుకేమియా క్లాసులో వస్తుందన్నారు, అందుకే ఇక్కడ వదిలేశాను.